ఆరు ఫార్మా కంపెనీల వెంటే పడాలా, పోర్టల్ లీడ్స్ మీదే ఉండాలా? బాలానగర్ నుంచి ఒక ప్రశ్న

బాలానగర్_సెన్సార్ | ఆగస్టు 6, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో మాది చిన్న యూనిట్, 14 మందిమి. మా దగ్గర రెండు రకాల సరుకు ఉంది. ఒకటి ఉష్ణోగ్రత, తేమ రికార్డు చేసే డేటా లాగర్, ముక్క 6 వేల దాకా పడుతుంది. రెండోది ప్లాంటు మొత్తానికి పెట్టే మానిటరింగ్ సిస్టమ్, ఫార్మా వాళ్లు ఈఎంఎస్ అంటారు. అది సగటున 35 లక్షలు.

పోయిన ఏడాది ఒక బీటూబీ పోర్టల్ సబ్‌స్క్రిప్షన్‌కూ గూగుల్ యాడ్స్‌కూ కలిపి 4 లక్షల 20 వేలు పెట్టాం. 340 ఎంక్వైరీలు వచ్చాయి. అందులో 210 లాగర్ల కోసం. వాటి నుంచి 74 మంది కొన్నారు, 21 లక్షల అమ్మకం జరిగింది. ఇంకో 90 మంది ఫోన్ ఎత్తలేదు, లేదంటే రేటు కనుక్కుని పెట్టేసిన ట్రేడర్లు. మిగిలిన 40 మంది సిస్టమ్ గురించి అడిగారు. 11 కొటేషన్లు ఇచ్చాం. వచ్చిన ఆర్డర్ ఒక్కటే, మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌కు, 18 లక్షలు.

ఇప్పుడు మా దగ్గర చేరిన మార్కెటింగ్ అబ్బాయి, పోర్టల్ ఆపేసి నగరం చుట్టుపక్కల ఉన్న ఆరు పెద్ద ఫార్మా కంపెనీల మీదే పనిచేద్దాం, దాన్ని అకౌంట్ బేస్డ్ మార్కెటింగ్ అంటారు అంటున్నాడు. మా బాబాయి ఒప్పుకోవడం లేదు. 340 మందిని వదిలి ఆరుగురిని పట్టుకుంటే తిండి ఎలా అని ఆయన బాధ. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇలా చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

మాదాపూర్_డిజిటల్ | ఆగస్టు 6, రాత్రి 11:05

మీ అబ్బాయి చెప్పింది కరెక్ట్ బ్రదర్. సిస్టమ్ కోసం అడిగిన 40 మందిలో ఒక్క ఆర్డర్ అంటే ఆ దారి మీ పెద్ద సరుకుకు పనికి రానట్టే. ఆరు కంపెనీల పేర్లు లింక్డ్‌ఇన్‌లో పెట్టి, క్వాలిటీ, ఇంజినీరింగ్ విభాగాల వాళ్లకే యాడ్ కనిపించేలా చేయండి. నెలకు 40 వేలు చాలు. మూడు నెలల్లో అక్కడ అందరికీ మీ పేరు తెలిసిపోతుంది. ఏబీఎం అంటే అంతే, పెద్ద రహస్యం ఏమీ లేదు.

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 7, ఉదయం 7:40

22 ఏళ్లుగా ఫార్మా ప్లాంట్లకు ఫిల్టర్లు, ఏసీ సామాన్లు అమ్ముతున్నాను. పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల, జడ్చర్ల అన్నీ తిరిగినవాణ్ని. తమ్ముడూ, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. లాగర్‌కూ సిస్టమ్‌కూ కొనేవాళ్లు వేరు, కొనే తీరు వేరు. లాగర్‌ను ఒక మనిషి ఒక మధ్యాహ్నం కూర్చుని నిర్ణయించుకుంటాడు. దానికి వెతికేవాళ్లకు కనబడటమే పని, కాబట్టి పోర్టల్ సరైనదే. దాన్ని ఆపకు. సిస్టమ్‌ను మాత్రం నాలుగు విభాగాల వాళ్లు ఏడాది పాటు మాట్లాడుకుని కొంటారు. వాళ్లలో ఎవరూ పోర్టల్‌లో ఫారం నింపరు.

డిజిటల్ తమ్ముడు చెప్పిన దాంట్లో ఒక చిక్కు ఉంది. లింక్డ్‌ఇన్‌లో యాడ్ నడవాలంటే కనీసం 300 మంది సభ్యులు ఆ గుంపులో ఉండాలి. ఆరు కంపెనీల్లో నీ సిస్టమ్ గురించి నిర్ణయం తీసుకునేవాళ్లు కంపెనీకి తొమ్మిది మంది అనుకున్నా 54 మంది. వాళ్లలోనూ ప్లాంటులో షిఫ్టులు చేసే ఇంజినీరింగ్ వాళ్లు చాలామంది లింక్డ్‌ఇన్ ముఖం చూసి నెలలు అవుతుంది. 300 దాటించాలని గుంపు పెంచితే మెడికల్ రెప్‌లు, ఆర్ అండ్ డీ వాళ్లు, హెచ్ఆర్ వాళ్లు వచ్చి చేరతారు. డబ్బు వాళ్ల మీదే పోతుంది. 54 మందిని పేరు పేరునా తెలుసుకోవచ్చు కదా, యాడ్ ఎందుకు?

మాదాపూర్_డిజిటల్ | ఆగస్టు 7, ఉదయం 9:15

300 నియమం నిజమే సార్, నేను రాయాల్సింది. కానీ యాడ్ వృథా అంటే ఒప్పుకోను. మనిషి వెళ్లి కలిసేసరికి "మీ పేరు ఎక్కడో చూశాను" అంటే ఆ సంభాషణ వేరుగా మొదలవుతుంది. యాడ్ పెట్టేవాళ్లు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఆడియన్స్ ఎక్స్‌పాన్షన్ అనే టిక్కు తీసేయండి, ఆడియన్స్ నెట్‌వర్క్ కూడా ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే మీరు ఇచ్చిన కంపెనీలు దాటి, ఆ సైటే దాటి యాడ్ వెళ్లిపోతుంది. నివేదికలో క్లిక్కులు బాగా కనిపిస్తాయి, మీ ఆరు కంపెనీల నుంచి మాత్రం నాలుగో ఐదో ఉంటాయి. కంపెనీల వారీగా చూపించే రిపోర్టు తెరిస్తే తెలిసిపోతుంది.

కొండాపూర్_క్యాంటీన్ | ఆగస్టు 7, మధ్యాహ్నం 2:30

నాది వేరే వ్యాపారం, అయినా ఇదే దెబ్బ తిన్నాను కాబట్టి రాస్తున్నా. ఐటీ కంపెనీలకు మధ్యాహ్న భోజనం సప్లై చేస్తాం. హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీని పట్టుకుందామని ఏడు నెలలు తిరిగాను. వాళ్ల అడ్మిన్ మేనేజర్ మంచివాడు, రెండుసార్లు శాంపిల్ భోజనం పెట్టించుకున్నాడు, 40 మంది తిని బాగుందన్నారు. చివరికి తేలింది ఏమిటంటే క్యాంటీన్ కాంట్రాక్టు ఇచ్చేది ఆ కంపెనీయే కాదట. బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసే ఏజెన్సీ చేతిలో ఉంది, వాళ్ల నిర్ణయం బెంగళూరులో జరుగుతుంది. అడ్మిన్ మేనేజర్‌కు అభిప్రాయం చెప్పే హక్కే ఉంది. ఇప్పుడు నేను ఆ ఏజెన్సీ వెంట పడాలా, లేక స్టార్టప్‌లకు బాక్స్ భోజనం అమ్ముకుంటూ పోవాలా?

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 7, రాత్రి 8:10

క్యాంటీన్ అన్నా, నీ అసలు కస్టమర్ ఆ ఏజెన్సీ. హైదరాబాద్‌లో వాళ్లు ఎన్ని బిల్డింగులు చూస్తున్నారో ముందు లెక్క తీయి. పది బిల్డింగులు ఉంటే ఏడు నెలలు వాళ్ల మీద పెట్టొచ్చు. ఒకటో రెండో అయితే బాక్స్ భోజనమే మేలు.

సెన్సార్ తమ్ముడూ, ఇది నీకూ వర్తిస్తుంది. కొత్త బ్లాకు కడుతున్నప్పుడు మానిటరింగ్ సిస్టమ్‌ను చాలాసార్లు ప్లాంటు వాళ్లు విడిగా కొనరు. క్లీన్‌రూమ్, ఏసీ పనులు చేసే కాంట్రాక్టర్ ప్యాకేజీలో కలిపేస్తారు. నువ్వు క్వాలిటీ అష్యూరెన్స్, అంటే క్యూఏ వాళ్ల గుమ్మం ముందు నిలబడి ఉండగా ఆర్డర్ ఇంకో ఆఫీసులో అయిపోతుంది. పాత బ్లాకులో పాతబడిన చార్ట్ రికార్డర్లు మార్చే పని అయితే ప్లాంటు వాళ్లే కొంటారు. కాబట్టి "ఫలానా కంపెనీ" అని రాసుకుంటే సరిపోదు, "ఫలానా ప్లాంటు, ఫలానా బ్లాకు, ఫలానా పని" అని రాసుకోవాలి.

ఆ ఆరు పేర్లు ఎలా ఎంచారు? పెద్దవి కాబట్టా?

బాలానగర్_సెన్సార్ | ఆగస్టు 7, రాత్రి 9:00

దాచేదేముంది అన్నా, పెద్దవి కాబట్టే. టర్నోవర్ చూసి పైనుంచి ఆరు తీసుకున్నాం.

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 7, రాత్రి 10:35

అందరూ చేసే తప్పే అది. నేనూ మొదట అలాగే చేశాను. పెద్ద కంపెనీకి ఇప్పటికే ఒక బహుళజాతి వెండర్‌తో అన్ని ప్లాంట్లకూ కలిపి ఒప్పందం ఉండొచ్చు. అలా ఉంటే నీ ఏడాది వృథా. ఒక్క ఫోన్ కాల్‌తో తెలుస్తుంది. ఆ ప్లాంటులో మెయింటెనెన్స్ చేసే టెక్నీషియన్‌ను అడుగు, కొత్త సెన్సార్ కావాలంటే ఎక్కడినుంచి తెప్పిస్తారని. "కార్పొరేట్ నుంచి వస్తుంది" అంటే ఆ పేరు కొట్టెయ్.

తర్వాత, ఎవరికి ఇప్పుడు అవసరం పడబోతోందో చూడు. దీనికి రహస్య సమాచారం అక్కర్లేదు. బల్క్ డ్రగ్ ప్లాంటు సామర్థ్యం పెంచాలంటే పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులు కేంద్ర ప్రభుత్వ పరివేష్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏ ఊళ్లో ఏ యూనిట్ ఎంత పెంచుతోందో ఉంటుంది. అనుమతి వచ్చాక గోడలు లేవడానికి నెలలు పడుతుంది, నీకు ఆ సమయం చాలు. ఆదివారం పేపర్లో వాకిన్ ఇంటర్వ్యూల ప్రకటనలు చూడు. ఒక ప్లాంటు వాళ్లు క్వాలిటీకీ కంప్యూటర్ వాలిడేషన్‌కూ ఒకేసారి మనుషుల్ని తీసుకుంటున్నారంటే లోపల ఏదో కొత్తగా మొదలవుతోంది. లిస్టెడ్ కంపెనీ అయితే మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లతో మాట్లాడే కాల్‌లో ఏ యూనిట్‌కు ఎంత ఖర్చు పెడుతున్నారో వాళ్లే చెబుతారు.

ఉప్పల్_లెక్కలు | ఆగస్టు 8, ఉదయం 6:50

నేను అకౌంట్స్ మనిషిని, మార్కెటింగ్ తెలియదు. కానీ ఇక్కడ ఎవరూ ఖర్చు మాట ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నా.

35 లక్షల సిస్టమ్ మీద 30 శాతం మిగిలిందనుకుందాం, పదిన్నర లక్షలు. ఆరు ప్లాంట్ల పని చూడటానికి ఒక అప్లికేషన్ ఇంజినీర్ కావాలి, ఏడాదికి 9 లక్షలు. ఓనర్ తన సగం సమయం పెడతాడు, దానికీ విలువ ఉంది, 4 లక్షలు వేయండి. కారు, డెమో కిట్, డాక్యుమెంట్లు 3 లక్షలు. మొత్తం 16 లక్షలు. మొదటి ఆర్డర్‌కు 15 నెలలు పడితే 20 లక్షలు చేతి నుంచి పోయాక గానీ రూపాయి రాదు. అంటే ఆరింటిలో రెండు గెలిస్తే పెట్టింది వెనక్కి వస్తుంది, అంతే. ఒకటి గెలిస్తే నష్టం. పోర్టల్‌లో అయితే ఈ నెల బాగాలేకపోతే వచ్చే నెల ఆపేయొచ్చు. ఇక్కడ మధ్యలో ఆపితే పెట్టిందంతా నీళ్లపాలు.

ఇంకోటి. రెండు పెద్ద కంపెనీలే సగం అమ్మకం అయిపోతే, వాళ్లు బిల్లు మూడు నెలలు ఆపితే జీతాలు ఎలా ఇస్తారు? బాబాయి గారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 8, ఉదయం 8:30

లెక్క సరైనదే, కాదనను. ఒక్కటే కలుపుతాను. సిస్టమ్ పెట్టాక ఏటా కాలిబ్రేషన్, మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉంటుంది. అదే కంపెనీలో రెండో ప్లాంటుకు మొదటి ప్లాంటు వాళ్లే ఫోన్ చేసి చెబుతారు. కానీ మొదటి సిస్టమ్ పెర్ఫార్మెన్స్ క్వాలిఫికేషన్ పూర్తయి సంతకాలు పడేదాకా ఆ ఆదాయాన్ని లెక్కలో వేయొద్దు. నేను అలా వేసుకుని ఒకసారి మనుషుల్ని తీసుకున్నాను, ఆరు నెలలకు ఇద్దరిని పంపించాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే బాధ.

జడ్చర్ల_క్యూఏ | ఆగస్టు 9, రాత్రి 9:45

ఒక ప్లాంటులో క్వాలిటీ అష్యూరెన్స్‌లో పనిచేస్తున్నాను, పేరు చెప్పలేను. మీరు అమ్మే వైపు నుంచి మాట్లాడుతున్నారు, కొనే వైపు ఎలా ఉంటుందో చెబుతాను.

మాకు రోజూ వెండర్ల మెయిల్స్ వస్తాయి. ఎక్కువ భాగం ఒకే బ్రోచర్. అందులో సెన్సార్ ఎంత ఖచ్చితమో ఉంటుంది. అది నా ప్రశ్న కాదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగేది ఏమిటంటే, రాత్రి 2 గంటలకు ఒక గదిలో తేమ పరిమితి దాటితే అలారం ఎవరికి వెళ్లింది, ఎవరు చూసి ఒప్పుకున్నారు, కారణం ఎక్కడ రాశారు, ఆ రికార్డును తర్వాత ఎవరైనా మార్చగలరా. ఎలక్ట్రానిక్ రికార్డులకు అమెరికా పెట్టిన నియమం 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 పేరు బ్రోచర్ మీద ముద్రించడం అందరూ చేస్తారు. రెండేళ్ల కిందట ఒక వెండర్ మాత్రం రెండు పేజీలు పంపాడు. అందులో అచ్చంగా ఆ రాత్రి 2 గంటల కథే ఉంది, ఆడిట్ ట్రెయిల్ స్క్రీన్ బొమ్మలతో సహా. నేను దాన్ని మా ఇంజినీరింగ్‌కూ ఐటీకీ ఫార్వర్డ్ చేశాను. అంతకుముందు ఏ వెండర్ మెయిల్‌నూ నేను ఎవరికీ ఫార్వర్డ్ చేయలేదు.

కానీ ఐటీ వాళ్లకు ఆ రెండు పేజీలూ సరిపోలేదు. వాళ్లకు సర్వర్ ఎక్కడ, బ్యాకప్ ఎలా అనేది కావాలి. ఇంజినీరింగ్‌కు వైరింగ్ షట్‌డౌన్‌లోనే అయిపోతుందా అనేది కావాలి. పర్చేజ్‌కు మీ బ్యాలెన్స్ షీట్, పాత కస్టమర్ల జాబితా కావాలి. నలుగురికీ నాలుగు వేరే కాగితాలు రాయగలిగితే మీ పని సగం అయినట్టే.

ఇంకొక విషయం, దయచేసి వినండి. ఒక ప్లాంటుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి వార్నింగ్ లెటర్ వస్తే అది ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. మర్నాటి నుంచి "మీకు లెటర్ వచ్చిందని చూశాం, మా దగ్గర పరిష్కారం ఉంది" అని మెయిల్స్ మొదలవుతాయి. లోపల మనుషులు నిద్రలేకుండా ఉంటారు, ఉద్యోగాలు ఉంటాయో పోతాయో తెలియదు. ఆ మెయిల్ చదివితే కోపం వస్తుంది. ఆ వెండర్ పేరు గుర్తుండిపోతుంది, మంచికి కాదు.

బాలానగర్_సెన్సార్ | ఆగస్టు 9, రాత్రి 10:30

మేడం, చాలా థాంక్స్. నిజం చెప్పాలంటే మా అబ్బాయి ప్లాన్‌లో వార్నింగ్ లెటర్లు చూసి మెయిల్ పంపడం కూడా ఉంది. అది తీసేస్తున్నాం. మరి ఆ సమాచారం అసలు వాడుకోకూడదా?

జడ్చర్ల_క్యూఏ | ఆగస్టు 10, ఉదయం 6:15

వాడుకోండి, వేరే విధంగా. ఎఫ్‌డీఏ తనిఖీ ముగిసి, వాళ్లు చూసిన లోపాలు రాసిన 483 ఫారం చేతికి వచ్చాక 15 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబులో ఏ పని ఏ తేదీకి పూర్తి చేస్తామో రాస్తాం. అప్పుడు కొత్త వెండర్‌ను వెతికి, అతని యూనిట్‌కు వెళ్లి ఆడిట్ చేసి, వెండర్ కోడ్ తెరిచే సమయం ఉండదు. అప్పటికే అప్రూవ్డ్ వెండర్ లిస్టులో ఉన్నవాళ్లకే పని వెళ్తుంది. అంటే ఏ గొడవా లేని రోజుల్లో మీరు ఆ లిస్టులో చేరాలి. చిన్న ఆర్డర్‌తోనైనా సరే. మా దగ్గర ఒక వెండర్ స్టోర్స్ విభాగానికి ఎనిమిది లాగర్లు అమ్మి లిస్టులోకి వచ్చాడు.

బాలానగర్_సెన్సార్ | ఆగస్టు 10, ఉదయం 7:05

ఎనిమిది లాగర్లు! మా 74 మంది లాగర్ కస్టమర్ల జాబితా ఇప్పుడే తీశాను. అందులో మూడు ఫార్మా ప్లాంట్లు ఉన్నాయి. రెండింటిలో మాకు వెండర్ కోడ్ కూడా ఉంది. ఇంతవరకూ వాళ్లకు సిస్టమ్ సంగతి చెప్పనే లేదు. పోర్టల్ నుంచి వచ్చారు కదా, చిన్న కస్టమర్లు అనుకున్నాం.

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 10, ఉదయం 8:00

అదిగో, నీ మొదటి రెండు పేర్లు దొరికాయి. టర్నోవర్ జాబితా పక్కన పెట్టు.

ఉప్పల్_లెక్కలు | ఆగస్టు 10, ఉదయం 9:20

అలా అయితే పోర్టల్ ఖర్చులో కొంత భాగం ఈ ఆరింటి ఖాతాలో వేయాలి. ఆ ఖర్చు లేకపోతే ఆ రెండు పేర్లు మీ పుస్తకంలో ఉండేవే కావు. ఇది చూస్తే పోర్టల్ ఆపేయడం మరీ తొందరపాటు అనిపిస్తోంది.

కొండాపూర్_క్యాంటీన్ | ఆగస్టు 10, మధ్యాహ్నం 3:10

ఒక అనుమానం. లీడ్స్ అయితే నెలకు ఇన్ని వచ్చాయి అని లెక్క ఉంటుంది. ఆరుగురితో ఏడాది తిరిగితే పని ముందుకు జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? నాకు ఏడు నెలలూ బాగానే జరుగుతోంది అనిపించింది. అడ్మిన్ సార్ టీ ఇచ్చేవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు.

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 10, రాత్రి 9:30

మంచి ప్రశ్న అడిగావు అన్నా. దీనికి నా దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. ప్లాంటుకు ఒక పేజీ పెట్టుకుంటాను. మేము ఎన్ని మెయిల్స్ పంపాం, ఎన్నిసార్లు కలిశాం అనేది అందులో రాయను. అవతలివాళ్లు మాకు ఏం ఇచ్చారో రాస్తాను. గది లేఅవుట్ డ్రాయింగ్ ఇచ్చారా? ఇప్పుడున్న సెన్సార్ల కాలిబ్రేషన్ షెడ్యూల్ చూపించారా? వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి ఏదైనా అడిగారా? ఇంకో విభాగం మనిషిని పరిచయం చేశారా? వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం పంపారా? వీటికి వాళ్ల సమయం, వాళ్ల పరువు ఖర్చవుతాయి. టీకి ఏమీ ఖర్చు కాదు. మూడు నెలల్లో ఆ పేజీలో కొత్త గీత పడకపోతే ఆ ప్లాంటును పక్కన పెట్టి జాబితాలో తర్వాతి దాన్ని తీసుకుంటాను.

అదే పేజీలో మనుషుల పేర్లు కూడా రాస్తాను. రెండు విభాగాల్లో కనీసం ముగ్గురు తెలిసి ఉండాలి. ఒక ప్లాంటులో క్యూఏ హెడ్ ఒక్కరినే నమ్ముకున్నాను. ఎనిమిది నెలలయ్యాక ఆయన ఉద్యోగం మారాడు. వచ్చినావిడకు నేనెవరో తెలియదు, అంతా మొదటికొచ్చింది.

ఇంకో మోసం కూడా ఉంది, ఇది మనకు మనం చేసుకునేది. ఒక రోజు పర్చేజ్ నుంచి యూఆర్‌ఎస్, అంటే తమకు ఏం కావాలో రాసిన పత్రం వస్తుంది, రెండు రోజుల్లో కొటేషన్ కావాలంటారు. సంబరపడతాం. తీరా చదివితే స్పెసిఫికేషన్ అంతా ఇంకో కంపెనీ బ్రోచర్ నుంచి తీసినట్టే ఉంటుంది. సైట్ చూస్తామంటే అవసరం లేదంటారు. వాళ్లకు మూడు కొటేషన్లు పోల్చే కాగితం కావాలి, నువ్వు ఆ మూడో గడివి. యూఆర్‌ఎస్ రాయడం మొదలుపెట్టక ముందు నువ్వు లోపల లేకపోతే, వచ్చాక గెలవడం నేను చాలా తక్కువగా చూశాను. నేను తిరిగిన ప్లాంట్లలో వచ్చే ఏడాది కొనుగోళ్ల జాబితా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో తయారవుతుంది, ఏప్రిల్‌లో డబ్బు విడుదలవుతుంది. కాబట్టి అక్టోబర్, నవంబర్‌లలో నీ నాలుగు కాగితాలూ వాళ్ల బల్లల మీద ఉండాలి. ఇప్పుడు ఆగస్టు. సమయం సరిగ్గా ఉంది.

మాదాపూర్_డిజిటల్ | ఆగస్టు 11, ఉదయం 10:40

ఒక మాట ఒప్పుకోవాలి. మా ఏజెన్సీలో ఏబీఎం చేసినా క్లయింట్‌కు నెలకు ఎన్ని లీడ్స్ అనే లెక్కే చూపిస్తాం. క్లయింట్ అదే అడుగుతాడు. పాతకాపు సార్ చెప్పిన పేజీ చూశాక ఆ లెక్కే మమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది అనిపిస్తోంది. లీడ్స్ సంఖ్య కోసం ఆరు కంపెనీలను అరవై చేసుకుంటాం, అక్కడితో అది మామూలు లీడ్ జనరేషన్ అయిపోతుంది.

అయితే చిన్న ఫార్మా యూనిట్ల సంగతి వేరు. మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం, సవరించిన రూపంలో 2023 డిసెంబర్ చివర్లో నోటిఫై అయింది. 250 కోట్ల పైన టర్నోవర్ ఉన్నవాళ్లకు ముందు గడువు, చిన్నవాళ్లకు తర్వాత గడువు ఇచ్చారు. ఒకే నియమం వందల మందిని ఒకేసారి కదిలించినప్పుడు వాళ్లను పేరు పేరునా వెతకనక్కర్లేదు, వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. అప్పుడు అందరికీ కనిపించే ప్రచారమే మేలు. ఐదారు గదుల యూనిట్‌కు సరిపోయే చిన్న సిస్టమ్ మీ దగ్గర ఉంటే దానికి ఈ దారి చూడండి.

జడ్చర్ల_క్యూఏ | ఆగస్టు 11, రాత్రి 10:10

పాతకాపు గారితో ఒక విషయంలో మాత్రం నాకు తేడా ఉంది. ప్లాంటే నిర్ణయిస్తుంది అన్నట్టు రాస్తున్నారు. మా దగ్గర సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ సిస్టమ్ అయినా కార్పొరేట్ క్వాలిటీ ఒప్పుకోకపోతే అడుగు ముందుకు పడదు. ప్లాంటులో ముగ్గురు తెలిసినా, నగరంలోని ఆఫీసులో ఉన్న ఆ ఒక్కరూ వద్దంటే అయిపోయింది.

పటాన్‌చెరు_పాతకాపు | ఆగస్టు 12, ఉదయం 7:20

మేడం, నా సరుకులో సాఫ్ట్‌వేర్ లేదు, అందుకే నాకు ఆ అడ్డు తగల్లేదేమో. కానీ కార్పొరేట్‌కు ముందు వెళ్లినవాళ్లను "ప్లాంటు నుంచి అవసరం రానివ్వండి" అని తిప్పి పంపడం కూడా చూశాను. ఎటు నుంచి మొదలుపెట్టాలో కంపెనీని బట్టి ఉంటుందేమో, నేను కచ్చితంగా చెప్పలేను.

బాలానగర్_సెన్సార్ | జనవరి 18, రాత్రి 9:50

ఐదు నెలలు అయింది, జరిగింది రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇంకా ఆర్డర్ రాలేదు.

ఆరు పెద్ద పేర్లలో ఐదు కొట్టేశాం. ఇప్పుడు జాబితాలో నాలుగు ప్లాంట్లు, ఒక క్లీన్‌రూమ్ కాంట్రాక్టర్ ఉన్నారు. ప్లాంట్లలో రెండు మా పాత లాగర్ కస్టమర్లు. ఒకటి పరివేష్‌లో విస్తరణ దరఖాస్తు చూసి పట్టుకున్నది. లాగర్ల కోసం పోర్టల్ కొనసాగిస్తున్నాం, బాబాయి దానికి సంతోషించారు. లింక్డ్‌ఇన్ యాడ్ ఒక నెల పెట్టి 38 వేలు ఖర్చయ్యాక ఆపేశాం. మా ప్లాంట్ల వాళ్లు అందులో ఎంతమంది చూశారో నమ్మకంగా చెప్పలేకపోయాం.

కొత్త ఇంజినీర్‌ను తీసుకోలేదు, లెక్కలు గారి మాట విని. సర్వీసు చూసే మా అమ్మాయే వారంలో మూడు రోజులు ఈ పని చేస్తోంది. ప్లాంట్ల వాళ్లు అడిగే ప్రశ్నలకు ఆమె అక్కడికక్కడే జవాబు చెప్పగలదు, మార్కెటింగ్ అబ్బాయి కంటే ఆమెకే ఎక్కువ ఫోన్లు వస్తున్నాయి. నాలుగు కాగితాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. ఐటీ కాగితం రాస్తుంటే మా బ్యాకప్ పద్ధతిలోనే లోపం ఉందని తెలిసింది, సరిచేశాం.

పాత కస్టమర్ ప్లాంట్లలో ఒకటి లేఅవుట్ ఇచ్చింది, డిసెంబర్‌లో మా యూనిట్‌కు వెండర్ ఆడిట్‌కు వచ్చారు. సాఫ్ట్‌వేర్ వాలిడేషన్ పత్రాలు సగమే ఉన్నాయని రాశారు. ఫిబ్రవరి చివరికి పూర్తి చేస్తామని మాట ఇచ్చాం. ఇంకో ప్లాంటులో ఇంజినీరింగ్ హెడ్ మారాడు, అక్టోబర్ నుంచి పేజీలో గీత పడలేదు. అది వదిలేయాలా వద్దా అని ఇంట్లో రోజూ చర్చే.

ఉప్పల్_లెక్కలు | జనవరి 18, రాత్రి 10:25

ఇంతవరకూ ఎంత ఖర్చయింది?

బాలానగర్_సెన్సార్ | జనవరి 18, రాత్రి 10:40

నా సమయం, అమ్మాయి జీతంలో భాగం కలిపి 4 లక్షల 60 వేలు. జూన్‌లోగా ఒక ఆర్డర్ అయినా ఖాయం కాకపోతే రెండు ప్లాంట్లకు తగ్గిస్తామని బాబాయితో ఒప్పుకున్నాను.

జడ్చర్ల_క్యూఏ | జనవరి 19, ఉదయం 6:30

వెండర్ ఆడిట్ దాకా వచ్చారంటే వాళ్లు మీ మీద నిజంగానే సమయం పెడుతున్నారు. ఫిబ్రవరి తేదీ ఒక్కరోజు కూడా దాటనివ్వకండి, ఆలస్యమైతే అదే మీ రికార్డు అవుతుంది. ఒకటి అడుగుతాను. మీ కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచేనా? ఉష్ణోగ్రతకు, తేమకు రెండింటికీ ఆ గుర్తింపు ఉందా? వాళ్లు తర్వాత అడిగేది అదే.

బాలానగర్_సెన్సార్ | జనవరి 19, ఉదయం 7:15

ఉష్ణోగ్రతకు ఉంది మేడం. తేమ విషయం ఆ ల్యాబ్ స్కోప్‌లో ఎప్పుడూ చూడలేదు. పది గంటలకు ల్యాబ్ తెరుస్తారు, వెళ్లి కనుక్కుని ఇక్కడే రాస్తాను.